ఇసబ్‌గోల్ పొడిగా మింగితే గుండెల దగ్గర ఆగుతోంది – నీళ్లు ఎన్ని? థైరాయిడ్ బిళ్లకీ దీనికీ ఎంత ఎడం?

నాగావళి_గట్టు
మా అమ్మకి అరవయ్యారు. మలబద్ధకం ఎప్పట్నుంచో ఉంది. మొన్న రక్తపరీక్షలో చెడ్డ కొలెస్ట్రాల్ 148 వచ్చింది. డాక్టరు గారు అటోర్వాస్టాటిన్ 10 రాసి, ఇసబ్‌గోల్ కూడా రోజూ వాడమ్మా, రెండింటికీ పనికొస్తుంది అన్నారు. ఎలా వాడాలో ఆయన చెప్పలేదు, మేం అడగలేదు.

ఆవిడ పద్ధతి ఏటంటే, రాత్రి భోజనం అయ్యాక పెద్ద చెంచాడు పొట్టు పొడిగానే నోట్లో పోసుకుని, రెండు మూడు గుక్కల నీళ్లతో దింపేసి పక్క ఎక్కేస్తుంది. గుండెల దగ్గర ఏదో ముద్ద ఆగినట్టుందని అంటోంది. కాసేపటికి దిగిపోతోంది. మిగతా మందులు: పొద్దున్నే థైరాయిడ్ 75, టిఫిను తర్వాత బీపీకి ఆమ్లోడిపిన్, మధ్యాహ్నం ఐరన్, రాత్రి పడుకునేముందు ఆ అటోర్వాస్టాటిన్. ఇన్నింటి మధ్యా ఇది ఎక్కడ పెట్టాలి? ఆ ఆగడం మామూలేనా?

గంటస్తంభం_సెంటర్
మామూలే. మా ఇంట్లో అందరూ అలాగే మింగుతారు. అడ్డంపడితే ఓ అన్నం ముద్దో అరటిపండు ముక్కో మింగించండి, తోసుకుని దిగిపోతుంది.

వార్డు_సిస్టర్
గంటస్తంభం గారూ, ఆ సలహా మాత్రం ఎవరూ పాటించకండి. చేపముల్లు గుచ్చుకుంటేనే అన్నం ముద్ద మింగొద్దని చెప్తుంటాం. ఇది ఇంకా తేడా వస్తువు. ఈ పొట్టు తడి తగిలిన చోటే ఉబ్బుతుంది. ఆగిపోయినది కిందికి పోదు, పైనుంచి మీరు వేసిన ముద్ద దానిమీద కూర్చుంటుంది. మళ్లీ నీళ్లు పోస్తే ఆ నీళ్లు అడ్డు పైన నిలబడి, పొట్టు ఇంకాస్త ఉబ్బి, చివరికి వాంతి రూపంలో పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం.

నాగావళి గారూ, అది మామూలు కాదు. ఆవిడ అదృష్టం కొద్దీ ఇన్నాళ్లూ దిగుతోంది. ఇవాళ రాత్రి నుంచే పొడిగా మింగడం మాన్పించండి. మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

బొబ్బిలి_వీణ
ఇసబ్‌గోల్ అంటే సబ్జా గింజలే కదా? మేం ఎండాకాలం నిమ్మరసంలో వేసుకుంటాం, గొంతులో ఎప్పుడూ పడలేదు. ముందు రాత్రే నానబెడితే సరి.

మందుబిళ్ల_మాస్టారు
కాదండీ బొబ్బిలి వీణ గారూ. సబ్జా తులసి జాతి మొక్క గింజ. నల్లగా ఉంటుంది, నానితే చుట్టూ జిగురు పొర కడుతుంది గానీ గింజ గింజగానే ఉండిపోతుంది. ఇసబ్‌గోల్ వేరే మొక్క. గుజరాత్, రాజస్థాన్‌లలో ఎక్కువగా పండిస్తారు, ఉంఝా మార్కెట్టు దానికి పెట్టింది పేరు. మనం వాడేది గింజ మీద ఉండే లేత రంగు పొట్టు. అది నీళ్లలో విడివిడిగా ఉండదు, మొత్తం కలిసి ఒకే ముద్దగా మారుతుంది. సబ్జా అలవాటుని దీనికి అంటగడితే ఇబ్బందే. ముందు రాత్రి తక్కువ నీళ్లలో నానబెడితే పొద్దున గ్లాసు బోర్లించినా కిందపడదు.

ఇక అసలు ప్రశ్న. కలిపే పద్ధతి ముందు చెప్తాను, మందుల సంగతి ఇంకో పోస్టులో.

మొదటి తప్పు గ్లాసు దగ్గరే జరుగుతుంది. ఒక్కో మోతాదుకి కనీసం 240 మిల్లీలీటర్లు ద్రవం ఉండాలని అమెరికా డబ్బాల మీద రాస్తారు. యూరప్ లెక్క, గ్రాముకి కనీసం 30 మిల్లీలీటర్లు. అంటే 5 గ్రాములకి 150 అన్నది కింది హద్దు. నేను చెప్పేది 250. మన ఇళ్లలో స్టీలు గ్లాసులు ఒక్కోటి ఒక్కో సైజు. కొన్నింట్లో 150 కూడా పట్టదు. అరలీటరు నీళ్ల సీసా తీసుకుని, సగం నీళ్లు మీ గ్లాసులో పోసి చూడండి. అది పొంగిపోతే ఇంకో పెద్ద గ్లాసు వెతకండి.

ముందు నీళ్లు, తర్వాత పొట్టు. పొట్టు అడుగున వేసి పైనుంచి నీళ్లు పోస్తే లోపల పొడిగా, బయట జిగురుగా ఉండలు కడతాయి. గొంతులో ఇరుక్కునేవి ఆ ఉండలే. చల్లటివో, గది వేడికి ఉన్నవో నీళ్లు తీసుకుని, ఒక చేత్తో చెంచా తిప్పుతూ ఇంకో చేత్తో పొట్టు చల్లాలి. పొట్టు సుడిలో తేలుతూ ఉండగానే తాగెయ్యాలి. నిమిషం దాటితే చిక్కబడటం మొదలు, ఇంకో రెండు నిమిషాలు ఆగితే తాగేది కాదు, తినేది అవుతుంది. గ్లాసు అడుగున గోడలకి అంటుకున్నది మిగులుతుంది. అందులో ఇంకో అరగ్లాసు నీళ్లు పోసి, తిప్పి, అదీ తాగాలి. ఆ రెండో అరగ్లాసుని చాలామంది వదిలేస్తారు. ఆహారనాళం గోడకి అంటుకున్నదాన్ని కిందికి కడిగేది అదే.

కూర్చునో, నిలబడో తాగాలి. తాగాక కనీసం అరగంట, వీలైతే గంట పడుకోకూడదు.

అరసవల్లి_వెలుగు
మరి డబ్బా మీదే "రాత్రి పడుకునేముందు గోరువెచ్చటి పాలతో" అని ఉంటుంది కదండీ? కంపెనీవాళ్లకి తెలీదా?

మందుబిళ్ల_మాస్టారు
అలా రాసినవీ ఉన్నాయి. యూరప్ మందుల సంస్థ రాసిన సూచనల్లో మాత్రం పడుకునేముందు వెంటనే తీసుకోవద్దనే ఉంది. పడుకున్నాక మింగడం తగ్గిపోతుంది, లాలాజలం తగ్గుతుంది, కిందికి లాగే బరువూ ఉండదు. ఆగినది ఆగిన చోటే ఉబ్బుతుంది.

పాలల్లో నష్టం లేదు. కాకపోతే వెచ్చటి పాలల్లో పొట్టు తొందరగా చిక్కబడుతుంది, పాలు ఎవరూ పావులీటరు తాగరు, చిన్న గ్లాసుతో సరిపెడతారు. పాలతోనే కావాలంటే రాత్రి 7 గంటలకి తాగి, ఆ వెనకే నిండు గ్లాసు నీళ్లు తాగమనండి.

గంటస్తంభం_సెంటర్
మా తాతగారి కాలం నుంచి రాత్రి పాలతోనే. పొద్దున్నే సాఫీగా అవ్వాలంటే రాత్రే వేసుకోవాలి. పొద్దున్న వేసుకుంటే ఆఫీసులో పరుగులు పెట్టమంటారా?

వార్డు_సిస్టర్
ఇది అలా పరిగెత్తించే మందు కాదండీ. పేగుల్లో నీటిని పట్టుకుని మలాన్ని మెత్తగా, బరువుగా చేస్తుంది, అంతే. పని కనిపించడానికి 12 గంటల నుంచి మూడు రోజుల దాకా పడుతుంది. ఏ పూట వేసుకున్నారన్నది మలబద్ధకానికి పట్టింపు లేదు. రోజూ వేసుకోవడం ముఖ్యం.

గంటస్తంభం_సెంటర్
సరే, తాతగారికి మీ మాట చేరవేసే వీలు లేదు. అడ్డంపడితే ఏం చెయ్యాలో మరి మీరే చెప్పండి, ముద్ద వద్దన్నారుగా.

వార్డు_సిస్టర్
రెండు రకాలు. ముందు ఏదో తేల్చుకోవాలి.

మనిషి మాట్లాడగలుగుతున్నారు, ఊపిరి ఆడుతోంది, కానీ గుండెల మధ్య ఒత్తిడి, మింగబోతే దిగట్లేదు. ఇది ఆహారనాళంలో ఆగడం. నోట్లో ఊరే ఉమ్ము కూడా మింగలేక బయటికి ఉమ్మేస్తున్నారంటే దారి పూర్తిగా మూసుకున్నట్టే. నిటారుగా కూర్చోబెట్టండి. నోటిద్వారా ఏమీ వద్దు, నీళ్లూ వద్దు. వేళ్లు పెట్టి వాంతి చేయించొద్దు. 108 పిలిచి, గొట్టం వేసి చూసే సౌకర్యం, అంటే ఎండోస్కోపీ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. "పొద్దుటికి దిగిపోతుందిలే" అని పడుకోబెట్టకూడదు. అక్కడ చెప్పే మొదటి మాట "ఇసబ్‌గోల్ మింగారు" అనే ఉండాలి. మాంసం ముక్క ఆగడం, ఇది ఆగడం ఒకటి కాదు. బంక కాబట్టి తీసే పద్ధతి మారుతుంది.

రెండోది, మాట రావట్లేదు, దగ్గూ రావట్లేదు, మొహం నీలంగా మారుతోంది. అది గాలిగొట్టం మూసుకోవడం. ఆసుపత్రికి బయల్దేరే టైము కూడా ఉండదు. మనిషిని ముందుకి వంచి రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో గట్టిగా ఐదు దెబ్బలు. పోకపోతే వెనకనుంచి పట్టుకుని, బొడ్డుకి కాస్త పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ ఐదుసార్లు గుంజాలి. అది వచ్చేదాకా ఇవీ అవీ మార్చి మార్చి. ఇంకొకరు 108కి ఫోను చెయ్యాలి. దగ్గగలుగుతుంటే మాత్రం ముట్టుకోకండి, దగ్గనివ్వండి.

నాగావళి గారూ, ఒకటి అడుగుతాను. మీ అమ్మగారికి అన్నం, చపాతీ, పెద్ద బిళ్లలు కూడా ఆగుతున్నాయా? లేక ఇదొక్కటేనా?

నాగావళి_గట్టు
అడిగాను. చపాతీ ఎప్పుడైనా అడ్డంగా ఉంటుంది, నీళ్లు తాగితే పోతుంది అంది. మేం వయసనుకున్నాం.

వార్డు_సిస్టర్
అయితే డాక్టరు గారికి ఆ మాట చెప్పేదాకా ఇసబ్‌గోల్ ఆపండి. ఘనపదార్థం మింగడంలో ఇబ్బంది ఉన్నవాళ్లు ఇది వాడకూడదనే హెచ్చరిక ఉంది. ఆహారనాళం ఎక్కడైనా సన్నబడిందేమో చూడాలి. ఏమీ లేదని తేలితే మొదలుపెట్టుకోవచ్చు. పక్షవాతం వచ్చినవాళ్లు, పార్కిన్‌సన్స్ ఉన్నవాళ్లు, నీళ్లు తాగుతుంటేనే పొలమారేవాళ్లు, వీళ్లకైతే అసలే వద్దు.

వంశధార72
జెల్లీలా నానబెట్టేసి తాగితే ఇక ఉబ్బేది ఉండదు కదా. గొంతులో పడే భయమే లేదు. ఇంత హంగామా ఎందుకు?

మందుబిళ్ల_మాస్టారు
సగం నిజం. ముందే ఉబ్బినది మళ్లీ గొంతులో ఉబ్బదు, అంతవరకూ కరెక్టే. కానీ మీరు మూడు చెంచాల నీళ్లలో నానబెట్టారనుకోండి, అది బంక ముద్ద. దానికి ఇంకా నీళ్లు తాగే ఆకలి ఉంటుంది, పైగా అంటుకుంటుంది. పావులీటరు నీళ్లలో నానబెడితే చిక్కటి గంజిలా ఉంటుంది, అయినా అది జారుతుంది. అంటే మళ్లీ నీళ్ల లెక్క దగ్గరికే వచ్చాం.

బొబ్బిలి_వీణ
అలగైతే చోడి అంబలిలో కలిపేస్తే? అందులో నీళ్లు ఉంటాయి కదా, వేరే తాగక్కర్లేదు.

గంటస్తంభం_సెంటర్
చోడి అంబలి, అందులో ఇసబ్‌గోల్! గోడ కట్టడానికి మేస్త్రీని పిలవక్కర్లేదు.

మందుబిళ్ల_మాస్టారు
నవ్వు వచ్చినా ఆయన చెప్పింది నిజమే. అంబలిలో నీళ్లని చోడిపిండి అప్పటికే పట్టేసుకుని ఉంటుంది, పొట్టుకి మిగిలేది తక్కువ. పలచటి మజ్జిగ, తరవాణి అయితే పర్లేదు. అంబలి ఆహారం లెక్కలోకి వస్తుంది, నీళ్ల లెక్కలోకి రాదు.

ఇప్పుడు మందుల సంగతి. ఈ బంక పేగులో మందుని చుట్టుకుని తనతోపాటు తీసుకుపోతుంది, లేదా ఒంటికి పట్టడం ఆలస్యం చేస్తుంది. మామూలు మందులకి రెండు గంటల ఎడం చాలు, ముందైనా వెనకైనా. థైరాయిడ్ బిళ్లకి నేను నాలుగు గంటలు చెప్తాను, ఎందుకంటే అది మైక్రోగ్రాముల్లో ఉండే మందు. కొంచెం తగ్గి పట్టినా రిపోర్టులో కనిపిస్తుంది. డిగాక్సిన్, లిథియం, కార్బమాజెపిన్, వార్ఫరిన్ వాడేవాళ్లు మాత్రం సొంతంగా మొదలుపెట్టకుండా డాక్టరుతో మాట్లాడాలి. వాటిల్లో ఎక్కువతక్కువలకి చోటు తక్కువ.

మీ అమ్మగారి మందులతో ఒక రోజు వేసి చూద్దాం, డాక్టరు గారు సరేనన్నాకే సుమా. పొద్దున్న 6కి థైరాయిడ్. 8:30కి టిఫిను, ఆ వెనకే 9కి ఆమ్లోడిపిన్. 11కి మొదటి ఇసబ్‌గోల్, థైరాయిడ్‌కి అయిదు గంటలు, బీపీ బిళ్లకి రెండు గంటలు అయ్యాయి. భోజనం చేసి మధ్యాహ్నం 2కి ఐరన్. సాయంత్రం 5కి రెండో ఇసబ్‌గోల్. 7:30కి భోజనం. 9:30కి అటోర్వాస్టాటిన్. ఎక్కడా రెండు గంటలకి తగ్గలేదు, పడుకునే వేళకి ఇసబ్‌గోల్ కిందికి దిగిపోయి ఉంటుంది.

ఇంకొకటి. ఐరన్ బిళ్లే మలబద్ధకం తెస్తుంది. ఆవిడకి ఐరన్ ఇంకా అవసరమా, హిమోగ్లోబిన్ ఇప్పుడెంత ఉంది, అది అడగండి. కారణం జేబులో పెట్టుకుని పరిష్కారం కొనుక్కుంటున్నామేమో చూసుకోవాలి.

కోటజంక్షన్_రాధిక
మాస్టారూ, ఒక అభ్యంతరం. కొలెస్ట్రాల్ కోసమైతే తిండికి దగ్గర్లో వేసుకోవాలి. భోజనం తర్వాత కాలేయం నుంచి పైత్యరసం పేగులోకి వస్తుంది, ఈ బంక అందులోని ఆమ్లాలని పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. వాటిని మళ్లీ తయారుచేసుకోవడానికి కాలేయం రక్తంలోంచి కొలెస్ట్రాల్ లాక్కుంటుంది. తిండి లేని 11 గంటలకీ 5 గంటలకీ తాగితే ఆ పని తగ్గదా? నేనైతే ఇలా మారుస్తాను: 12:45కి మొదటిది, 1 గంటకి భోజనం. ఐరన్‌ని 4 గంటలకి జరపాలి. 7కి రెండోది, వెంటనే భోజనం. అటోర్వాస్టాటిన్ 10కి.

మందుబిళ్ల_మాస్టారు
మీ పట్టికలోనూ ఎడం సరిపోయింది. తిండితో తీసుకుంటే కొలెస్ట్రాల్‌కి మెరుగన్నది నిజమే. నా భయం ఆకలి గురించి. అంత నీళ్లు, అంత బంక కడుపులో పడ్డాక పెద్దవాళ్లు సగం అన్నం వదిలేస్తారు. సన్నగా ఉన్న మనిషైతే నా పట్టిక, బరువు తగ్గాల్సిన మనిషైతే మీది.

కోటజంక్షన్_రాధిక
భోజనం మధ్యలో తాగినా పర్లేదు కదా, ముందే తాగాలని లేదు. ఇక్కడ మీతో ఏకీభవించను, అలాగే ఉండనివ్వండి.

వంశధార72
ఇన్ని లెక్కలు ఎందుకు, ఇది బాగా పనిచేస్తే ఆ స్టాటిన్ బిళ్ల మానేయొచ్చు కదా. ఒళ్లు నొప్పులు తెప్పిస్తుందట అది.

కోటజంక్షన్_రాధిక
148 తీసుకుని చూడండి. రోజుకి 10 గ్రాముల పొట్టు సరిగ్గా వాడితే చెడ్డ కొలెస్ట్రాల్ నూటికి ఏడు చొప్పున తగ్గుతుందనుకుందాం. అంటే 148 కాస్తా 138 అవుతుంది. అటోర్వాస్టాటిన్ 10 ఒక్కటే నూటికి 35 పైన తగ్గిస్తుంది, 95 దగ్గరికి తెస్తుంది. ఇది దానికి బదులు కాదు, దానిమీద అదనం. అదనంగా వాడినప్పుడు మాత్రం బాగానే పనికొస్తుంది. స్టాటిన్ మోతాదు రెట్టింపు చేస్తే అదనంగా ఎంత తగ్గుతుందో, దాదాపు అంత ఇది కలిపినా తగ్గుతుంది. కొవ్వుల్లో ట్రైగ్లిజరైడ్లు అని ఇంకోటి ఉంటుంది, దాని మీద పెద్దగా ప్రభావం ఉండదు.

మూడు నెలలు ఆగి లిపిడ్ ప్రొఫైల్ చేయించండి. పదిరోజులకే చేయించి లాభం లేదనుకోవద్దు. థైరాయిడ్ పరీక్ష కూడా ఇది మొదలుపెట్టిన ఆరు నుంచి ఎనిమిది వారాలకి ఒకసారి చూసుకోండి. టీఎస్‌హెచ్ పెరిగితే ఎడం సరిపోవట్లేదని అనుమానించాలి.

అరసవల్లి_వెలుగు
10 గ్రాములంటే ఎన్ని చెంచాలు? మా ఇంట్లో చెంచాలు ఒక్కోటి ఒక్కో పెళ్లిలో వచ్చినవి.

మందుబిళ్ల_మాస్టారు
పొట్టు తేలిక. అంచు మట్టానికి నింపిన పెద్ద చెంచాకి సుమారు 5 గ్రాములు, టీ చెంచాకి రెండు గ్రాములలోపు. అదే మెత్తటి పొడిగా ఆడించినదైతే చెంచాలో చాలా ఎక్కువ బరువు కూర్చుంటుంది. పొట్టు నుంచి పొడికి మారి, పాత చెంచాతోనే, పాత గ్లాసుతోనే వేసుకునేవాళ్లకి అడ్డంపడే భయం పెరుగుతుంది. కిరాణా కొట్లో డిజిటల్ కాటా మీద మీ చెంచాడు ఒకసారి తూయించుకోండి, ఆ చెంచాని దీనికే ఉంచండి.

మొదటిరోజే 10 గ్రాములు వద్దు. టీ చెంచాతో రోజుకి ఒక్కసారి, వారానికి ఒక్కో టీ చెంచా పెంచాలి. గ్యాసు, ఉబ్బరం అని మానేసేవాళ్లలో ఎక్కువమంది మొదటిరోజే పెద్ద చెంచాతో దిగినవాళ్లే.

వార్డు_సిస్టర్
డబ్బాలోంచి గుమ్మరించేటప్పుడు పైకి లేచే ధూళి పీల్చకండి. ఆసుపత్రుల్లో రోజూ ఈ పొడి కలిపేవాళ్లలో కొందరికి ఎలర్జీ వచ్చి, తుమ్ములు, ఆయాసం మొదలవుతాయి. తాగిన వెంటనే దద్దుర్లో ఆయాసమో వస్తే అది గొంతులో అడ్డంపడటమే కానక్కర్లేదు, ఎలర్జీ కూడా కావచ్చు. ఎలర్జీ అయితే మళ్లీ ముట్టుకోవద్దు.

ఉద్దానం_కొబ్బరితోట
మా నాన్నగారికి కిడ్నీలు పాడయి డయాలసిస్ నడుస్తోంది. కవిటి దగ్గర మా ఊళ్లో ఈ జబ్బు ఇంటికొకరన్నట్టు ఉంది. రోజుకి నీళ్లు లీటరు దాటొద్దన్నారు. మలబద్ధకం మాత్రం చాలా బాధపెడుతోంది. ఈ పొట్టు ఆయనకి ఇవ్వచ్చా? పైన మీరు రాసిన లెక్క ప్రకారం రెండుసార్లకి అరలీటరు పైనే పోయింది.

మందుబిళ్ల_మాస్టారు
మీ లెక్క కరెక్టు. రెండు మోతాదులకి 500, ఆ కడిగి తాగే అరగ్లాసులు కలిపితే ముప్పావు లీటరు దగ్గరికి వస్తుంది. మిగిలిన పావులీటరులో అన్నం, చారు, మాత్రలకి నీళ్లు అన్నీ సర్దాలి. కుదరదు. అలాగని నీళ్లు తగ్గించి పొట్టు ఇస్తే అది పేగులో గట్టిపడి అడ్డుగా మారుతుంది. నీళ్ల పరిమితి ఉన్నవాళ్లకి ఇది సరైన మందు కాదన్నది నా మాట.

ఇంకో హెచ్చరిక. మలబద్ధకం కదా అని మెగ్నీషియం ఉన్న తెల్లటి పాలలాంటి విరేచన మందు కొని ఇవ్వకండి. కిడ్నీ పనిచెయ్యనప్పుడు మెగ్నీషియం ఒంట్లో పేరుకుంటుంది. ఫాస్ఫేట్ ఎనిమా కూడా అంతే. లాక్టులోజ్ లాంటివి కిడ్నీ రోగులకి వాడుతుంటారు. నాన్నగారికి ఏది, ఎంత అన్నది డయాలసిస్ చేయించేచోట డాక్టరు గారిని అడగండి. కాల్షియం, ఐరన్ బిళ్లలు వాడుతుంటే ఆ పేర్లూ చెప్పండి, రెండూ మలబద్ధకం తెచ్చేవే.

ఉద్దానం_కొబ్బరితోట
కాల్షియం బిళ్ల భోజనంతో మూడుపూట్లా ఉంది బావూ. శనివారం డయాలసిస్ ఉంది, అడుగుతాను.

కోటజంక్షన్_రాధిక
మూడుపూట్లా అంటే అది ఎముకల కోసం కాకపోవచ్చు, తిండిలో ఫాస్ఫరస్‌ని పట్టడానికి ఇస్తారు. మీరే ఆపేయకండి, అడిగే చూడండి.

వంశధార72
మా పెదనాన్న మోకాళ్ల నొప్పికి ట్రమడాల్ వాడుతున్నారు, దానితో మలబద్ధకం. ఆయనకి నీళ్ల పరిమితి ఏదీ లేదు. ఇవ్వచ్చు కదా?

వార్డు_సిస్టర్
వద్దు. ఆ జాతి నొప్పి మందులు పేగు కదలికనే ఆపేస్తాయి. కదలని పేగులో మలం పరిమాణం పెంచితే లోపలే పేరుకుంటుంది. ఆ రకం మలబద్ధకానికి పేగుని కదిలించే మందో, నీటిని లాగే మందో కావాలి. ఆ నొప్పి మందు రాసిన డాక్టరునే అడగండి. ఎవరికైనా సరే, ఇది మొదలుపెట్టి మూడు రోజులైనా విరేచనం కాకుండా కడుపు బిగిసి, వాంతులు, గాలి కూడా పోకపోవడం ఉంటే ఇంకో చెంచా వెయ్యొద్దు, ఆసుపత్రికి వెళ్లాలి.

అరసవల్లి_వెలుగు
మా ఇంట్లో షుగర్‌కి ఇన్సులిన్ తీసుకునే మనిషి ఉన్నారు. నారింజ రుచి పొట్లాలు కొన్నాం, తియ్యగా ఉన్నాయి.

మందుబిళ్ల_మాస్టారు
వెనక్కి తిప్పి పదార్థాల పట్టీ చదవండి. కొన్నింట్లో పొట్టు కన్నా పంచదారే ఎక్కువ ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లు రుచి కలపనిది కొనుక్కోవడమే మేలు. ఇన్సులిన్ వాడేవాళ్లకి భోజనం తర్వాత షుగర్ మామూలు కన్నా కాస్త తక్కువ ఎక్కుతుంది. మొదటి రెండు వారాలు వేలిచుక్క పరీక్ష కాస్త తరచుగా చెయ్యండి.

నాగావళి_గట్టు
డాక్టరు గారిని కలిశాం. మింగడం సంగతి చెప్తే ఎండోస్కోపీకి రాశారు. వచ్చేదాకా ఇసబ్‌గోల్ ఆపమన్నారు, ఈలోగా లాక్టులోజ్ ఇచ్చారు. హిమోగ్లోబిన్ 12.4 ఉంది, ఐరన్ కూడా ఆపేశారు. రిపోర్టు బావుంటే మళ్లీ మొదలుపెడదాం అన్నారు. ఐరన్ లేకపోతే పట్టిక మారుతుందా?

మందుబిళ్ల_మాస్టారు
సులువైంది. మధ్యాహ్నం అంతా ఖాళీ అయింది కాబట్టి రాధిక గారి పట్టికే పెట్టుకోండి, భోజనానికి ముందో మధ్యలోనో. ఆవిడ సగం అన్నం వదిలేస్తోందేమో మాత్రం చూడండి.

కోటజంక్షన్_రాధిక
రాసిపెట్టుకుంటున్నాను, మాస్టారు నా పట్టికకి ఓటేశారు.

బొబ్బిలి_వీణ
ఇదంతా చదివాక కలుపుకుని తాగడమంటే భయమేస్తోంది. క్యాప్సూల్స్ వస్తున్నాయి కదా, వాటితో ఈ బాధ ఉండదేమో?

మందుబిళ్ల_మాస్టారు
ఒక్కో క్యాప్సూల్‌లో సాధారణంగా సుమారు అర గ్రామే పట్టేది. 5 గ్రాములకి పది మింగాలి. నీళ్లు అంతే కావాలి. అన్నీ కలిపి గుప్పెడు మింగొద్దు, ఒక్కొక్కటి నీళ్లతో దింపాలి. క్యాప్సూల్ గోడకి అతుక్కుని అక్కడే విచ్చుకుంటే లోపలి పొడి అక్కడే ఉబ్బుతుంది, అంటే మీరు తప్పించుకుందామనుకున్నదే. రవ్వలాంటి పలుకుల రూపంలో వచ్చే సరుకుని అయితే అమెరికాలో 2007లో ఈ అడ్డంపడే కారణంగానే సురక్షితమైన వాటి జాబితాలోంచి తీసేశారు. గ్లాసులో కలుపుకునే పొట్టే మేలు, ఎంత నీళ్లు పోశారో కళ్లకి కనిపిస్తుంది.